లేబుల్ మనిషి పెట్టిందా, మోడల్ పెట్టిందా? రాయగడ, గజపతి, గంజాం జట్ల నాణ్యత తనిఖీకి మార్గదర్శి

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో ఇంటి నుంచే తెలుగు వాక్యాలకు లేబుల్స్ పెట్టే, అంటే ఏ వాక్యం ఏ విషయం గురించో ఒక్క మాటలో గుర్తుపెట్టే వాళ్లు ఉన్నారు. మన యాస తెలిసినవాళ్లు కావాలనే ఈ పని వీళ్లకు వస్తుంది. వాక్యాన్ని చాట్‌బాట్‌లో పడేసి, అది చెప్పిన జవాబునే నొక్కితే ఆ యాస డేటాలోకి రాదు. పైగా, ఇలాంటి లేబుల్స్‌ని చాలాసార్లు ఇంకో ఏఐ మోడల్‌ని పరీక్షించడానికి కొంటారు. లేబులే మోడల్ పెట్టిందైతే, తన పరీక్షా పేపర్ తానే దిద్దుకున్నట్టు అవుతుంది.

ఈ మార్గదర్శి నాణ్యత చూసే జట్ల కోసం. నేను తీసుకున్నది ఒకే రకం పని: ఒక వాక్యం ఇస్తారు, నాలుగు లేబుల్స్‌లో ఒకటి ఎంచుకోవాలి. వ్యాసాలు, సారాంశాలు రాయించే పనిలో శైలిని బట్టి కొంత పసిగట్టవచ్చు. లేబుల్‌కి శైలి ఉండదు. "నీళ్లు" అని మనిషి నొక్కినా మోడల్ నొక్కినా షీట్‌లో కనబడేది అదే మాట. అందుకే ఇక్కడ పట్టుకునే పద్ధతి వేరు.

ముందుగా: పాత కొలతల్ని నమ్మకండి

మన జట్లన్నీ రెండు కొలతలు వాడతాయి. ఒకటి, జవాబు ముందే తెలిసిన గోల్డ్ ప్రశ్నల్ని పనిలో కలిపి, ఎన్ని సరిగ్గా చేశారో చూడడం. రెండోది, ఒకే వాక్యాన్ని ఇద్దరికిచ్చి కోహెన్ కప్పా లెక్కతో ఏకీభావం చూడడం. ఈ రెండూ బద్ధకాన్ని పట్టుకోవడానికి పుట్టాయి. చూడకుండా ఏదో ఒకటి నొక్కేవాడు గోల్డ్‌లో తప్పుతాడు, పక్కవాడితో కలవడు.

మోడల్ వాడేవాడి దగ్గర ఇది తలకిందులవుతుంది. గోల్డ్ ప్రశ్నల్ని సాధారణంగా ఎవరికైనా తేలిగ్గా తెలిసేలా తయారుచేస్తాం కాబట్టి మోడల్ వాటిని సులువుగా దాటేస్తుంది. ఇద్దరు ఒకే మోడల్ వాడితే ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది, కప్పా పెరుగుతుంది. అంటే దొంగపని పెరిగిన కొద్దీ మన రిపోర్టు అందంగా తయారవుతుంది! మార్గదర్శకాలు మారలేదు, కొత్త శిక్షణ ఇవ్వలేదు, అయినా ఒక బ్యాచ్‌లో కప్పా 0.6 నుంచి 0.85కి ఎగబాకిందంటే సంబరపడకండి. ముందు దాన్నే అనుమానించండి.

ఇదేమీ ఊహ కాదు. 2023 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ పనుల వేదిక మీద 44 మందికి వైద్య పరిశోధనల సారాంశాలు రాసే పని ఇచ్చి చూశారు. ఆ పనిలో 33 నుంచి 46 శాతం మంది మోడల్ వాడారని వాళ్ల అంచనా. అది రాత పని, చిన్న నమూనా. కాబట్టి ఆ శాతాన్ని తెచ్చి మన గుణుపూర్ జట్టుకు అంటగట్టడం తప్పు. వాళ్ల తరవాతి అధ్యయనం మనకు ఎక్కువ ఉపయోగం. వాడొద్దని చెప్పడం, కాపీ-పేస్ట్ ఆపడం వంటి చర్యలతో వాడకం దాదాపు సగానికి తగ్గింది, కానీ పోలేదు. వద్దని చెప్పడమూ చేయాలి, పట్టుకునే ఏర్పాటూ ఉండాలి.

మొదటి మెట్టు: ఏది కుదరదో స్పష్టంగా రాయండి

"ఏఐ వాడరాదు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. గజపతి, రాయగడ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మీడియంలో చదివినవాళ్లు చాలామంది. తెలుగు వింటే పూర్తిగా అర్థమవుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుని చదువుతారు. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు మరాఠీ మీడియంలో చదివినవాళ్లదీ ఇదే సంగతి. ఇలాంటివాళ్లు మార్గదర్శకాల్ని ఫోన్‌లో ఒడియాలోకి మార్చుకుని చదువుతారు, ఆ లేబుల్ ఎందుకు పెట్టారో కారణం రాయమంటే వాయిస్ టైపింగ్ వాడతారు. ఇవన్నీ ఏఐయే కదా అని వాళ్లకు టెన్షన్.

కాబట్టి ఇలా విడదీసి రాయండి: మార్గదర్శకాల్ని అనువదించుకోవచ్చు, వాయిస్ టైపింగ్ వాడుకోవచ్చు, వాక్యాన్ని ఫోన్ చేత చదివించుకుని వినవచ్చు. వాక్యాన్ని చాట్‌బాట్‌కి ఇచ్చి లేబుల్ అడగకూడదు, కారణం రాయించకూడదు. ఇది తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. కారణం రాసే గడిలో రోమన్ అక్షరాలు, ఒడియా లిపి, చిన్న వాయిస్ క్లిప్, ఏదైనా ఒప్పుకోండి. చక్కటి తెలుగులోనే రాయాలని పట్టుబడితే, చక్కటి తెలుగు రాసిపెట్టే యంత్రం దగ్గరికి మనమే పంపించినట్టు.

రేటు కూడా ఇక్కడే చూసుకోండి. మీ జట్టులో ఒకరిని కూర్చోబెట్టి 50 వాక్యాలు నిజంగా చదివించి ఎంతసేపు పట్టిందో చూడండి. ఆ వేగంతో గంటకు వచ్చే డబ్బు రోజు కూలి లెక్కకు కూడా అందకపోతే, మిగతా మెట్లన్నీ ఎక్కినా లాభం ఉండదు.

రెండో మెట్టు: మోడల్ తప్పే వాక్యాల్ని ఏరండి

అసలు పనిముట్టు ఇదే. ఊరివాళ్లు సరిగ్గా చెప్పగలిగినవి, మోడల్ మాత్రం తప్పు చెప్పేవి, అలాంటి వాక్యాలు 30 కావాలి. వీటిని ఎర వాక్యాలు అందాం.

ఉదాహరణకి జనం ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదుల్ని రాతలోకి మార్చి, వాటిని ఆరోగ్యం, నీళ్లు, రవాణా, ఇతరం అని విడదీసే పని అనుకోండి. అందులో ఒక వాక్యం:

"నెల్నాళ్లయి గుంట ఎండిపోతంది, ఎవులూ సూడ్డం లేదు."

మన వైపు గుంట అంటే ఆడపిల్ల. పిల్ల చిక్కిపోతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు అని తల్లి మొర. లేబుల్ ఆరోగ్యం. పుస్తకాల తెలుగు మీద పెరిగిన మోడల్ దీన్ని ఎండిపోతున్న చెరువు అనుకుని నీళ్లలో పడేసే అవకాశం ఎక్కువ. ఇంకొకటి:

"ఇక్కడ లాభం లేదని బరంపురం రాసేశారు, బండికే ఆరు వేలు."

బరంపురం రాసేశారు అంటే అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపేశారని ఈ జిల్లాల్లో ఎవరికైనా తెలుసు. అది తెలియకపోతే బండి, ఆరు వేలు చూసి రవాణా అంటారు.

అయితే ఏ వాక్యానికి మోడల్ పడుతుందో మనసులో ఊహించుకుని రాసుకోవద్దు. మనం గొప్ప ఎర అనుకున్నదాన్ని మోడల్ ఇట్టే పట్టేస్తుంది, మామూలు వాక్యం దగ్గర బోల్తా పడుతుంది. ఇలా చేయండి. నిజమైన ఫిర్యాదుల్లోంచి 200 వాక్యాలు తీయండి. ఐదుగురు స్థానికుల్ని ఆఫీసులో కూర్చోబెట్టి, ఫోన్లు పక్కన పెట్టించి, లేబుల్ చేయించండి. కనీసం నలుగురు ఒకే మాట చెప్పినవే ఉంచండి. ఐదుగురిలో ముగ్గురే కలిసిన వాక్యం మనుషులకే తికమక, దాంతో ఎవరినీ తప్పుపట్టలేం. మిగిలినవాటిని జనం ఉచితంగా వాడుకునే రెండు మూడు చాట్‌బాట్‌లకు ఇవ్వండి. పనివాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్నే వాటికీ ఇవ్వండి, ఒక్కోదాన్ని మూడుసార్లు అడగండి. అన్నిసార్లూ ఒకే తప్పు లేబుల్ వచ్చినవాటినే ఏరుకోండి. ఒకసారి నీళ్లు, ఇంకోసారి ఆరోగ్యం అన్న వాక్యం ఎరగా పనికిరాదు.

ఆ ఐదుగురు కాకుండా ఇంకో పది మందికి అదే గదిలో ఈ 30 వాక్యాలు ఇచ్చి చూడండి. మోడల్ వాడని మనిషి కూడా కొన్నిటిలో మోడల్‌లాగే తప్పుతాడు. ఎన్నిటిలో తప్పుతాడో తెలియకపోతే తర్వాత వచ్చే అంకెలకు అర్థం ఉండదు. ఈ అడుగును వదిలేసి ముందుకెళ్లిన జట్టు నిజాయితీపరుల్ని బలిచేస్తుంది. నా మటుకు ఈ గైడ్ మొత్తంలో రాజీపడకూడనిది ఇదొక్కటే.

మూడో మెట్టు: తప్పుల్లో పోలిక లెక్కపెట్టండి

మోడల్‌తో మొత్తం ఏకీభావం ఎంత అని చూడడం చాలామంది చేసే పొరపాటు. బాగా పనిచేసేవాళ్లు మోడల్‌తో ఎక్కువసార్లు కలుస్తారు, ఇద్దరూ సరైన జవాబే ఇస్తారు గనక. ఒప్పులో కలవడం ఏమీ చెప్పదు. తప్పులో కలవడమే చెబుతుంది. నాలుగు లేబుల్స్‌లో మూడు తప్పులు ఉండగా, ఒక మనిషి ప్రతిసారీ మోడల్ పడ్డ గోతిలోనే పడుతున్నాడంటే దానికి కారణం ఉండాలి.

ఎర వాక్యాల్ని అసలు పనిలో చెదరగొట్టి కలపండి. 300 వాక్యాల బ్యాచ్ అయితే ప్రతి పదింటికీ ఒకటి చొప్పున పడాలి, కానీ ఖచ్చితంగా పదో స్థానంలోనే ఉండకూడదు. బ్యాచ్ వచ్చాక ఎర వాక్యాల వరుసలు మాత్రం ఒక షీట్‌లోకి తీయండి. A కాలమ్‌లో పనివారి సంఖ్య, B వాక్యం సంఖ్య, C వాళ్లిచ్చిన లేబుల్, D సరైన లేబుల్, E మోడల్ ఇచ్చిన తప్పు లేబుల్. 30 మంది, ఒక్కొక్కరికి 30 ఎరలు, అంటే పైన శీర్షిక వరుస కాక 900 వరుసలు. పనివారి సంఖ్యల్ని H కాలమ్‌లో H2 నుంచి కిందికి విడిగా రాసుకుని, పక్కన I2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=SUMPRODUCT((A$2:A$901=H2)*(C$2:C$901=E$2:E$901))
```

ఎర వాక్యాలన్నిటిలోనూ మోడల్ తప్పే కాబట్టి, C, E కలిశాయంటే అది మోడల్ తప్పునే తిరిగి చేసినట్టు.

ఇప్పుడు ఒక కేసు నడిపిద్దాం. ఈ అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి. గదిలో కూర్చున్న పది మందిలో మోడల్ తప్పుతో కలిసినవి సగటున 4, అందరికంటే ఎక్కువ 7. బ్యాచ్‌లో ముగ్గురి ఫలితం ఇలా వచ్చింది: మొదటామెకు 5, రెండో అతనికి 23, మూడో ఆమెకు 11.

మొదటామె గురించి ఆలోచించక్కర్లేదు. రెండో అతని 23 యాదృచ్ఛికంగా వచ్చే అంకె కాదు. తమాషా ఏమిటంటే, మామూలు గోల్డ్ ప్రశ్నల్లో ఈ ముగ్గురిలో ఇతనికే ఎక్కువ మార్కులు వచ్చి ఉండవచ్చు. అసలు చిక్కు మూడో ఆమె 11తో. గదిలో వచ్చిన 7 కంటే ఎక్కువే, కానీ 23కి చాలా దూరం. ఇక్కడ తీర్పు చెప్పకుండా, ఆ 11 ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. పని చేసిన వరుసలో పెడితే మొదటి 15 ఎరల్లో 2, చివరి 15లో 9 ఉన్నాయి. అంటే సగం బ్యాచ్ ఆమె చేసింది, ఎక్కడో ఒకచోట పని చేయి మారింది. గడువు దగ్గరపడి చాట్‌బాట్‌కి వెళ్లి ఉండవచ్చు, ఇంకొకరికి ఫోన్ ఇచ్చి ఉండవచ్చు. ఏదైనా, మొదటి 150 లేబుల్స్‌లో చాలామటుకు పనికొస్తాయి. మొత్తం కలిపి ఒకే అంకె చూసుంటే, మంచి లేబుల్స్ కూడా చెత్తబుట్టలోకి పోయేవి.

గీత ఎక్కడ గీయాలంటే, గదిలో వచ్చిన గరిష్ఠ అంకెకు ఇంకో మూడు కలుపుకోండి. ఇక్కడ 10 అవుతుంది. అది దాటితే విచారించాలి, అంతే. శిక్షకు గీత కాదది.

నాలుగో మెట్టు: లాగ్‌లు చూడండి, కానీ మన కొండల్ని మరవకండి

యాప్ తనంతట తాను నమోదుచేసే లాగ్‌లో పేస్ట్ చేశారా, స్క్రీన్ వదిలి ఎన్నిసార్లు బయటికి వెళ్లారు, ఒక్కో వాక్యానికి ఎంతసేపు, కారణం గడిలో ఎన్ని అక్షరాలు చెరిపారు, ఇవి చాలు. ఏ మీటలు నొక్కారో రికార్డు చేయొద్దు, లెక్కలు మాత్రమే తీసుకోండి. తీస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద కోసం మాత్రమే చేసే పని కాదు.

సొంతంగా రాసేవాడు ఆగుతాడు, చెరుపుతాడు, మళ్లీ రాస్తాడు. పక్క ఫోన్‌లో చూసి ఎక్కించేవాడు ఒకే వేగంతో, దాదాపు చెరపకుండా కొడతాడు. ఇది మంచి ఆధారమే, ఒంటరిగా మాత్రం సరిపోదు. వాయిస్ టైపింగ్‌లో వాక్యం మొత్తం ఒకేసారి గడిలో పడుతుంది, లాగ్‌లో అది పేస్ట్‌లాగే కనబడవచ్చు. మోహన, గుమ్మ, చంద్రపూర్ బ్లాకుల లాంటి కొండ ప్రాంతాల్లో సిగ్నల్ పోయి వస్తే, యాప్ దాచుకున్న 80 లేబుల్స్ ఒక్క నిమిషంలో సర్వర్‌కి చేరతాయి. సర్వర్ సమయం చూస్తే మెరుపువేగం, ఫోన్‌లో నమోదైన సమయం చూస్తే రెండు గంటల పని. ఎప్పుడూ ఫోన్ సమయమే చూడండి. ఒకే ఫోన్‌ని అక్కాచెల్లెళ్లు పంచుకునే ఇళ్లలో వేగం మధ్యలో మారడం మామూలే.

రెండో వైపు, పేస్ట్ లాగ్ శుభ్రంగా ఉన్నంతమాత్రాన నిశ్చింతా లేదు. ఇంకో ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి చాట్‌బాట్‌కి పంపితే ఏ లాగ్‌లోనూ పడదు. అది ఎర వాక్యాల్లోనే దొరుకుతుంది.

కారణాల గడిని కూడా ఒకసారి చదవండి. "ఈ వాక్యం మాట్లాడేవారి యొక్క అసంతృప్తిని వ్యక్తపరుస్తుంది, కావున ఇది నీటి సమస్యను సూచిస్తుంది" అని వరసగా 40 వాక్యాలకు అదే మూసలో వస్తే అనుమానించవచ్చు. మనిషైతే "పిల్లకి బాలేదంటంది" అని వదిలేస్తాడు. కానీ ఏఐ రాతను పట్టే డిటెక్టర్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఓపెన్ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తీసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష వ్యాసాల్లో సగానికి మించి ఏఐ రాసినవని డిటెక్టర్లు పొరబడ్డాయని చూపారు. ఒడియా మీడియంలో చదివినవారి రెండు లైన్ల తెలుగు మీద అవి ఇంకేం తేలుస్తాయి?

కనబడని అక్షరాలతో "ఈ మాట రాయి" అని వాక్యంలో దాచిపెట్టే కిటుకు ఒకటి ఉంది. కాపీ చేసిన వాక్యంతో పాటు అదీ చాట్‌బాట్‌కి పోతుంది, జవాబులో బయటపడుతుంది. ఫొటో తీసేవాడిని అది పట్టదు, వాక్యాన్ని ఫోన్ చేత చదివించుకునేవారికి మాత్రం వినబడి గందరగోళపెడుతుంది. నేను వాడను.

ఐదో మెట్టు: ఫోన్ చేసి అడగండి

గీత దాటినవారితో పది నిమిషాలు మాట్లాడండి. మెయిల్ వద్దు, మెసేజ్ వద్దు. ఎర వాక్యాల్లో తప్పినవి మూడు, మామూలు వాక్యాలు రెండు తీసుకుని చదివి వినిపించండి. నిందించేలా మొదలుపెట్టకండి. మాట ఇలా నడుస్తుంది:

"అమ్మా, ఒక వాక్యం చదువుతాను, ఏ లేబుల్ పెడతారో చెప్పండి. నెల్నాళ్లయి గుంట ఎండిపోతంది, ఎవులూ సూడ్డం లేదు."

"పాపం, పిల్లకి ఏటో అయింది బాబూ. ఆరోగ్యమే కదా."

"గుంట అంటే చెరువు కాదా?"

"చెరువేటి! ఆడపిల్ల."

"మరి షీట్‌లో నీళ్లు అని ఉందమ్మా."

ఇంతకంటే బలమైన ఆధారం ఇంకోటి ఉండదు. ఆమెకు జవాబు తెలుసు, షీట్‌లో ఉన్నది ఆమె జవాబు కాదు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ఫోన్‌లో కూడా నీళ్లనే అని, అదే ఎందుకో చెబితే, ఆ మనిషికి ఈ యాస పరిచయం లేదన్నమాట. విశాఖలోనో హైదరాబాద్‌లోనో పెరిగి పెళ్లయి రాయగడ వచ్చినవారు కావచ్చు. మోడల్ వాడలేదు, కానీ ఈ పనికి సరిపోరు. వేరే పని ఇవ్వండి, చేసిన దానికి డబ్బు ఇవ్వండి.

డబ్బు ఆపాలంటే రెండు ఆధారాలు ఉండాలి: ఎరల లెక్క ఒకటి, ఫోన్ సంభాషణ గానీ లాగ్ గానీ ఇంకొకటి. ఒక్కటే ఉంటే చెల్లించేసి, తర్వాతి బ్యాచ్‌ని ఆఫీసులో కూర్చుని చేయమనండి. ఆఫీసు దూరమైతే వీడియో కాల్‌లో 40 వాక్యాలు చేయించినా సరిపోతుంది.

ఆరో మెట్టు: చెడిన లేబుల్స్ సంగతి

తప్పుబట్టిన లేబుల్స్‌ని చెరిపేయకండి. షీట్‌లో ఒక గడి పెంచి "మోడల్ అనుమానం" అని గుర్తుపెట్టండి, అదే వాక్యాల్ని గదిలో పరీక్షించిన ఇద్దరికి మళ్లీ ఇవ్వండి. మన మూడో ఆమె కేసులో 150వ వాక్యం నుంచే మళ్లీ చేయించాలి. కానీ ఎరలు పదింటికొకటి కాబట్టి పని మారిన చోటు సరిగ్గా తెలియదు, అందుకని ఒక 20 వాక్యాలు వెనక్కి జరిపి 130 నుంచి మొదలుపెట్టండి. కొన్నవాళ్లకు ఇచ్చే రిపోర్టులో ఎన్ని లేబుల్స్ మళ్లీ చేయించామో రాయండి. ఆ అంకె దాచి కప్పా ఒక్కటే చూపిస్తే, ముందు చెప్పుకున్న అందమైన రిపోర్టే మళ్లీ తయారవుతుంది.

ఎర వాక్యాలు ఎక్కువకాలం నిలవవు. ఫోన్ చేసి అడిగిన వాక్యాలు ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి, కాబట్టి వాటిని ఆ రోజే తీసేయండి. మోడళ్లు కూడా మారుతుంటాయి, నిన్న గుంటను చెరువు అన్నది రేపు పిల్ల అనవచ్చు. అందుకే ప్రతి కొత్త బ్యాచ్‌కి ముందు 30 వాక్యాల్నీ మళ్లీ చాట్‌బాట్‌లకు ఇచ్చి, సరిగ్గా చెప్పడం నేర్చినవాటిని తీసేసి, ఆ బ్యాచ్ ఫిర్యాదుల్లోంచే కొత్తవి ఏరి ఆ ఖాళీలు నింపండి. కొత్తవి కలిపిన ప్రతిసారీ గదిలో కూర్చోబెట్టే పరీక్ష కూడా మళ్లీ పెట్టాలి, లేకపోతే 10 అని మనం గీసుకున్న గీత పాత వాక్యాలదే అయిపోతుంది.